మియాదు కాగితం

మా ఇంట్లోకి ఆ కాగితం వచ్చిననాడు నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. నా పక్కన మా యారాలు, అంటే మా బావ భార్య. మా ఆయన దేవరకొండలో మిషన్ దవాఖాన కంపౌండరు. బావ ఆయనకు స్వంత అన్న, కల్వకుర్తి మిషన్ బడిలో పంతులు. ఆనాడు వాళ్ళిద్దరూ చుట్టపుచూపుగా మా ఇంటికి వచ్చి ఉన్నారు. మా అత్తమామల కాలంలో గుంటెడు చెలక లేదు. ఆ ఇంటి నుంచి ఇద్దరు కొడుకులు నెల జీతాల కొలువుల్లో చేరారు. అందుకేనేమో, పట్నం నుంచి బీమా ఏజెంటు వస్తే వెతుక్కుంటూ మా గడపకే వచ్చాడు.

ఆయన చాప మీద రెండు కాగితాలు పరిచాడు. చాలాసేపు మాట్లాడాడు. తలుపు చాటుకు సగం వినపడింది, సగం వినపడలేదు. నాకు స్పష్టంగా వినపడింది ఒక్కటే మాట.

"గిది పదేండ్ల మియాదు. గది గూడ పదేండ్ల మియాదే. రెండూ వెయ్యి రూపాయలకే."

బావ ఒక కాగితం తీసుకున్నాడు. మా ఆయన రెండోది తీసుకున్నాడు. బావ ఒక్క నెలకు కట్టే కిస్తూ, మా ఆయన ఏడాదికి కట్టే కిస్తూ ఇంచుమించు సమానం. అది విని మా యారాలు మోచేత్తో నన్ను పొడిచింది.

"సూసినవా, మా ఆయనను ఎట్ల ముంచిండో! నీ మొగడు హుషారే పిల్లా."

నేను పొంగిపోయాను. ఒకే సరుకును మా ఆయన చౌకగా కొనుక్కొచ్చాడని మురిసిపోయాను.

మియాదు అనే మాట నాకు కొత్త కాదు. దవాఖాన వాకిట్లో రోజూ వినేదాన్ని. ఇరవయ్యొక్క రోజు పట్టి పీడించే జ్వరాన్ని మియాది బుఖారు అనేవాళ్ళు. రోగి తరఫు వాళ్ళు ఏడుస్తుంటే మా ఆయనే చెప్పేవాడు: "మియాదు తీరనియ్యున్రి, అదే దిగుతది." చాలామందికి దిగేది కూడా. అందుకని నా మనసులో ఆ మాటకు ఒకటే అర్థం. మియాదు తీరేదాకా ఓర్చుకోవాలి, తీరినాక మంచి జరుగుతుంది. రెండో తరగతి చదివినదాన్ని, ఇంగ్లీషు కాగితం ఎట్లా చదువుతాను? పెట్టె అడుగున పెట్టి, ఏటేటా మా ఆయన కిస్తు మనియార్డరు చేసి వచ్చినప్పుడల్లా ఒక వేలు మడిచేదాన్ని.

మా ఆయనను నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, చిన్నపిల్ల పుట్టినప్పుడు, "మియాదు దాకా నీకు ఫికర్ లేదు" అన్నాడు. మియాదు తర్వాత అసలే చింత ఉండదని నేను అనుకున్నాను.

తొమ్మిది వేళ్ళు మడిచాను. ఆ ఏడే మా ఆయనకు దగ్గులో రక్తం పడింది.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది. జొన్నలు దొరకడమే కష్టం, బియ్యం మాట సరే సరి. ఎంతోమందికి మందు గ్లాసుతో కొలిచి పోసిన మనిషి, తన ఉమ్మిని తానే చూసుకుని, నాకంటే ముందు తెలుసుకున్నాడు. డాక్టరు దొరసాని నన్ను పక్కకు పిలిచింది. ఆ తల్లి తెలుగు ముక్కలు ముక్కలుగా ఉండేది గాని అర్థమయ్యేది. దీనికి మందు లేదు. విశ్రాంతి, గాలి, పాలు, గుడ్లు. బలం పుడితే కొందరు నిలబడతారు. కొండ మీద క్షయ దవాఖాన ఉంది, అక్కడ చేరిస్తే ఇంకా మేలు, కాని ముందుగా డబ్బు కట్టాలి. ఆయన గిన్నె వేరు, గ్లాసు వేరు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వద్దు.

మొదట సగం జీతం ఇచ్చారు. తర్వాత అదీ ఆగింది. నేను దవాఖానలో బట్టలుతికే పనికి కుదిరాను. వసారాలో ఆయనకు మంచం వేశాను. తలాపున నీళ్ళ కుండ, కాళ్ళ దగ్గర ఉమ్మి డబ్బా. ఆ డబ్బాలో ఫినాయిలు కలిపిన నీళ్ళు పోసి పెట్టాలి. రోజూ పొద్దున నేను దాన్ని తీసుకుపోయి దూరంగా గుంటలో పోసి మన్ను కప్పేదాన్ని.

అట్లాంటప్పుడు కంపెనీ నుంచి కిస్తు కార్డు వచ్చింది. అది పదో కిస్తు, ఆఖరుది. నాకు దేవుడే రాసిన ఉత్తరంలా తోచింది.

"ఇగ ఒక్కటే కిస్తు," అన్నాను మంచం దగ్గర కూర్చుని. "ఒక్క ఏడాది. మియాదు తీరంగనే గా వెయ్యి వస్తయి. గంతదాంక ఎవలి దగ్గరన్న అప్పు తెస్త. కొండ మీది దవాఖానకు పోదాం."

ఆయన నా వైపు చూశాడు. "కిస్తు మాత్రం తప్పకుండ కట్టు. ఏది ఆపినా అది ఆపకు" అన్నాడు.

"ఎందుకాపుత? పిచ్చా నాకు?"

"ఈ నెలల్నే కట్టు."

ఆ మాటలో తొందర నాకు వినపడింది గాని, రోగి మనిషి ఆత్రం అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత డబ్బా పారబోస్తుంటే దానిలో తెల్లటి ముద్దలు కనపడ్డాయి. ఫినాయిలు నీళ్ళలో పడితే తెల్లగా పాలలాగే అవుతుంది. కాని ముద్ద కట్టదు. పుల్లతో కదిపి చూశాను. విరిగిన పాలు. నేను పొద్దున ఉతికిన బట్టల కూలికి తెచ్చి, పిల్లలకు చుక్క పోయకుండా కాచి ఇచ్చిన పాలు. కంపౌండరు తెలివి అది. తెలుపులో తెలుపు కలిపితే ఎవరికి తెలుస్తుంది?

తాగబుద్ధి కాలేదేమో, నన్ను నొప్పించడం ఇష్టం లేక పోశాడేమో అనుకున్నాను. గుడ్డు సంగతి పెద్దపిల్ల చెప్పింది. రోజూ బాపు గుడ్డు గోడ మీద పెట్టి, తాను అటు తిరిగి పడుకున్నాక తనను తీసుకుపొమ్మంటాడట. అప్పటికీ నాకు సంగతి అందలేదు. అన్నం సయించని రోగి అనే అనుకున్నాను.

కిస్తు డబ్బు కొంగున కట్టుకుని, పిల్లల్ని పొరుగింటి అవ్వకు అప్పగించి, కల్వకుర్తి పోయాను. కిస్తు బావ చేతనే పంపించాలని ఒక పని. మియాదు తీరగానే ఇస్తానని చెప్పి కొండ దవాఖాన ఖర్చుకు అప్పు అడగాలని ఇంకొక పని.

బావ బడి నుంచి వచ్చి, నా మాట మొత్తం విని, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మియాదు తీరితే వెయ్యి వస్తదని ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

"ఎవరు చెప్పుడేంది బావా? నీదీ పదేండ్లే, మాదీ పదేండ్లే. ఒక్కనాడే తీసుకుంటిరి గద."

మా యారాలు పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "ఒక్కనాడే తీసుకున్నరు. మేం మాత్రం తొమ్మిదేండ్లు పండుగ చీర మరిసినం. మీరు ఏటికొక్కసారి పైసలు పంపి వెయ్యి పట్టుకపోతరా? మేమేమన్న తిక్కలోల్లమా?"

"నువ్వు జర ఆగు," అన్నాడు బావ. పంతులు కదా, ఆయనకు విడమరిచి చెప్పడం అలవాటు. "చేనుకు కావలి పెట్టినమనుకో. కావలోనికి కూలి ఇస్తం. దొంగ వస్తే ఆడు అడ్డం నిలబడుతడు. దొంగ రాలేదు, పంట కల్లంకొచ్చింది. కూలి వాపసియ్యమని అడుగుతమా?"

"అడుగం."

"మీ కాగితం గట్లాంటి కావలి. పదేండ్లల్ల తమ్మునికి జరగరానిది జరిగితే వెయ్యి నీ చేతికి వస్తయి. జరగకుంటే, పదేండ్లు నిండిన తెల్లారి అది ఉత్త కాగితం. పైసా రాదు. అందుకే కిస్తు గంత తక్కువ."

"మరి నీది?"

"నాది కావలి కూలికి తోడు పాతర్ల జొన్నలు పోసుకున్నట్టు. సచ్చినా వస్తది, బతికి మియాదు దాటినా వస్తది, మీద జర బోనస్ గూడ. నడుమ కిస్తు ఆపినా, పోసిన జొన్నలు మొత్తం పోవు, కట్టినదాని లెక్కన తక్కువ చేసి నిలబెడుతరు. కుదువ బెడితే కంపెనీయే అప్పిస్తది. మీ పాతర్ల ఏం లేదు బిడ్డా. కుదువ బెట్టేతందుకు లేదు, వాపసు తీసుకునేతందుకు లేదు."

"ఆయనకు గీ సంగతి ఎరుకేనా?"

"ఎరుక లేకేం? నా ఎదుటనే ఏజెంటును మూడుసార్లు అడిగిండు. గంత కిస్తు కట్టే తాకతు లేక, కావలన్న ఉండనీ అని తీసుకున్నడు."

ఎరుక ఉంది. తొమ్మిదేళ్ళు ఎరుకే. ఈ ఏడాది లోపల పోతే వెయ్యి, ఏడాది దాటి బతికితే సున్న అని ఎరుక ఉన్న మనిషి, పాలు డబ్బాలో పోస్తున్నాడు. గుడ్డు గోడ మీద పెడుతున్నాడు. కిస్తు ఈ నెలలోనే కట్టమంటున్నాడు.

నా చేతిలోని చెంబు కింద పడింది. అప్పటిదాకా సూటిపోటి మాటలాడిన మా యారాలు పరుగున వచ్చి నన్ను పట్టుకుంది. నేను డబ్బా సంగతి చెప్పాను. బావ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

నేనే అడిగాను. "కిస్తు కట్టకుంటే ఏమైతది?"

"నెల రోజులు వాయిదా ఉంటది. గా నెలల కట్టినా చెల్లుతది. గా నెల లోపల మనిషి పోయినా, కిస్తు పట్టుకుని మిగతాదిస్తరు. నెల దాటితే మాత్రం కాగితం సచ్చినట్టే."

"మళ్ళ బతికించరాదా?"

"మనిషి ఆరోగ్యంగ ఉన్నడని డాక్టరు రాసియ్యాలె. తమ్మునికి ఎవరు రాసిస్తరు?" కాగితమే చస్తే తమ్ముడు తిండి మానే పని ఉండదన్న నా ఆలోచన అప్పుడు ఆయనకు తగిలింది. "వద్దు బిడ్డా. గంత పని చెయ్యకు. ఇద్దరు ఆడపిల్లలు. నిలబడుతడో లేదో దేవునికెరుక. కట్టు. నేను బుద్ధి చెప్త వానికి."

"చెప్తే ఇంటడా?"

బావ తలపాగా మళ్ళీ చుట్టుకుని వాకిట్లోకి పోయాడు.

ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. పొద్దున నేను బస్సెక్కేముందు బావ ఒక మాట చెప్పాడు. తన కాగితం కంపెనీ దగ్గర కుదువ పెట్టి అప్పు తీస్తానన్నాడు. కొండ దవాఖానకు సరిపోదు గాని పాలకు సరిపోతుంది. నేను బస్సెక్కినాక మా యారాలు కిటికీ దగ్గరికి వచ్చి, "మల్ల డబ్బాల పోస్తే, నేనొచ్చి ముక్కు మూసి తాగిపిస్తనని చెప్పు" అంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

కిస్తు డబ్బు నా కొంగునే ఉంది. ఇంటికి చేరగానే ఆయన మొదట అడిగింది దాని గురించే.

"కట్టినవా?"

"బావకిచ్చిన. ఆడికెల్లి పంపిస్తడు," అన్నాను. పెళ్ళయినాక ఆయనతో నేనాడిన మొదటి పెద్ద అబద్ధం అది.

కార్డు మీద తారీఖు నుంచి ముప్పై రోజులు. అప్పటికి తొమ్మిది పోయాయి. ఇంకా ఇరవయ్యొక్క రోజులు. ఆ లోపల నిజం చెప్తే, మంచం మీద నుంచి పాక్కుంటూనైనా పోయి కట్టి వస్తాడు. చెప్పకపోతే తిండి మానుతూనే ఉంటాడు. ఈ ఇరవయ్యొక్క రోజులు ఆయనను నేనే కాయాలి.

మర్నాడు జొన్నరవ్వతో కాచిన గటకలో గుడ్డు చిదిపి, ఆయన గిన్నెలోనే పెట్టి, మంచం పక్కన కూర్చున్నాను.

"అటు పెట్టు, తర్వాత తింట," అన్నాడు.

"ఇప్పుడే తిను. నేను సూస్తుంట."

"ఆకలి లేదు."

"డబ్బాల పాలు ఎందుకు విరిగినయో నాకు ఎరుకైంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఎరుకైతే మంచిదే. పిల్లల మొఖం జూసి ఊకో" అన్నాడు. ఆ గొంతులో ఏ భావమూ లేదు, రోగికి మోతాదు చెప్పినట్టు చెప్పాడు.

నేను గిన్నె తీసుకున్నాను. ఆయన చెంచాతోనే ఒక ముద్ద తీసి నా నోట్లో పెట్టుకున్నాను.

ఆ మనిషి అట్లా అరవడం నేనెన్నడూ వినలేదు. దగ్గు ముంచుకొచ్చింది. "ఉమ్మెయ్! ఉమ్మెయ్యే! పిల్లలను దిక్కు లేనోల్లను చేస్తవా?"

నేను మింగాను. రెండో ముద్ద తీసుకున్నాను.

"నువ్వు తినకుంటే రోజు ఇందుట్లనే తింట. నువ్వు పోతే నేను గూడ వస్త. అప్పుడు గా వెయ్యి ఎవరు తీసుకుంటరో సూద్దాం."

ఆయన గిన్నె గుంజుకున్నాడు. ఏడుస్తూ తిన్నాడు. గిన్నె నాకు దక్కకుండా ఒళ్ళో దాచుకుని తిన్నాడు. నేను బయటికి పోయి ఉప్పునీళ్ళతో నోరు పుక్కిలించి, అక్కడే కూలబడ్డాను. ఆ పని ఎంత ప్రమాదమో నాకు తెలియక కాదు. నాకు వేరే దారి తోచలేదు.

అది మొదలు రోజూ ఇదే. ఆయన తినే దాకా నేను కదలను. ఉతికే పనికి ఆలస్యమైతే నర్సమ్మ తిట్టేది. తిట్లు తిని పోయేదాన్ని. బావ అప్పు చేతికి రాగానే, గొర్లు కాసే ఒక కురుమాయన దగ్గర పాలిచ్చే మేకను కొని తోలించాడు. మేకతో పాటు మా యారాలు పంపిన కబురు కూడా వచ్చింది: "మా కాగితం పాలిస్తాంది. మీ ఆయనను ఎగతాళి చేసిన్నని చెప్పు." అది విని ఆయన నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ మధ్యలోనే ఆయన పోతే? వాయిదా నెలలో పోతే వెయ్యి వస్తుంది. వాయిదా దాటిన మర్నాడు పోతే ఏమీ రాదు. అట్లాంటి లెక్క ఒక ఆడమనిషి మెదడులోకి రాగూడదు. వచ్చింది. పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ళ చినిగిన గౌన్లు చూస్తూ కొంగు ముడి తడుముకునేదాన్ని. పోస్టాఫీసు మా ఇంటికి మూడు మలుపుల దూరం. రెండుసార్లు పోయాను. ఒకసారి కిటికీ దాకా పోయి, ఫారం అడిగి, రాసే మనిషి "ఎవరికమ్మా?" అంటే వెనక్కి తిరిగి వచ్చేశాను.

ముప్పయ్యో రోజు పోస్టాఫీసు మూసేదాకా దవాఖాన వెనుక రాతి మీద దుప్పట్లు బాదుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున ఆయన పాలు తాగినాక, కొంగు ముడి విప్పి ఆ డబ్బు ఆయన దుప్పటి మీద పెట్టాను.

"ఏంది గిది?"

"కిస్తు. కట్టలె. నిన్నటితోని వాయిదా దాటింది. కాగితం సచ్చిపోయింది."

ఆయన ఆ నాణేలను చూశాడు, నన్ను చూశాడు. లేచి కూర్చునే ప్రయత్నం చేసి, చేతకాక, మంచం పట్టె పట్టుకుని నన్ను తిట్టాడు. ఆయన నోట అట్లాంటి మాటలు ఉన్నాయని నాకు తెలియదు. "నా పిల్లల నోట్ల మన్ను గొట్టినవ్" అన్నాడు. "నేను ఇయ్యగలిగింది గదొక్కటే ఉండె. గది గూడ తీస్కుంటివి" అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. అన్నీ నిజాలే.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కాని తిన్నాడు. నేను పక్కన కూర్చోకపోయినా తిన్నాడు. మూడో రోజు గిన్నె ఖాళీ చేసి, బోర్లించి చూపించాడు.

"ఇంక జర ఉంటే పెట్టు. ఇగ బతుకక తప్పేటట్టు లేదు."

ఆ తర్వాత ఆయన బలం పుంజుకున్నాడు. మేకను తానే విప్పి కట్టేవాడు. పెద్దపిల్లను వసారా అవతల గడప మీద కూర్చోబెట్టి, ఇవతల నుంచి ఎక్కాలు చెప్పేవాడు. చిన్నపిల్లకు ఆ దూరం నుంచే ముఖాలు పెట్టి నవ్వించేవాడు. దొరసాని చూసి ఆశపడింది. నేనూ ఆశపడ్డాను.

వానలు పడ్డాక రోగం తిరగబెట్టింది. వాయిదా దాటిన ఏడు నెలలకు, ఒక మిట్టమధ్యాహ్నం, ఆయన వెళ్ళిపోయాడు. పదేళ్ళ మియాదు నిండటానికి ఇంకా నాలుగు నెలలుంది.

బావ వచ్చి సమాధి దగ్గర నా వైపు చూడలేకపోయాడు. మా యారాలు మాత్రం నా తల తన భుజానికి ఆనించుకుని, నాకొక్కదానికే వినపడేట్టు, "నేనైనా గట్లనే చేసేదాన్ని పిల్లా" అంది. అట్లా చేసేదో లేదో నాకు తెలియదు. ఆ రోజు ఆ మాట కావలసి వచ్చింది.

మూడో వారంలో ఆ ఏజెంటే వచ్చాడు. జుట్టు నెరిసింది. మిషన్ కంపౌండరు పోయాడని ఎవరో చెప్తే, కాగితం మీద డబ్బు ఇప్పించే పని ఉంటుందని మంచి మనసుతోనే వచ్చాడు. పెట్టె అడుగు నుంచి కాగితం తీసి ఇచ్చాను. రసీదులు ఒక్కొక్కటి తిప్పాడు. తొమ్మిది ఉన్నాయి. పదోదానికోసం మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు.

"ఆఖరుది ఏదమ్మా?"

"కట్టలే."

"అయ్యో తల్లీ! గదొక్కటి కట్టి ఉంటే ఈ రోజు వెయ్యి నీ చేతుల ఉండేది. మరిసిపోయిన్రా?"

పెద్దపిల్ల గడపలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

"మరువలే," అన్నాను.

ఆయన కాగితం మడిచి నాకే ఇచ్చి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పిల్ల వచ్చి నా కొంగు పట్టుకుని, "గాయన ఏమంటున్నడమ్మా? గా పైసలెందుకు కట్టలే?" అని అడిగింది.

మీ బాపు ఏడు నెలలు కడుపునిండా తిన్నాడు బిడ్డా అని చెప్పాను. దానికి అర్థం కాలేదు. మూడు గంటలైంది, ఉతకవలసిన దుప్పట్లు రాతి దగ్గర నానుతున్నాయి. పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని పనికి పోయాను.